ఉద్యోగం మారారా? పాత జీతం లెక్క చెప్పారా?

కొత్త కంపెనీలో మొదటి పే స్లిప్ వచ్చింది. టీడీఎస్ గడిలో సున్నా. చాలామంది సంబరపడతారు. ఏడాది మధ్యలో ఉద్యోగం మారినవాళ్ల స్లిప్‌లో ఆ సున్నా కనిపిస్తే నాకు మాత్రం అనుమానమే.

కంపెనీ ఏడాదికి మీకెంత జీతం వస్తుందో అంచనా వేసి, దానిమీద పన్ను లెక్కగట్టి, నెలనెలా కొంత కోసి మీ పాన్ మీద జమచేస్తుంది. అంటే అది పన్నుకు బయానా లాంటిది. అసలు లెక్క తేలేది రిటర్న్ వేసినప్పుడే.

2025-26లో, కొత్త పన్ను విధానంలో ఒకమ్మాయి సంగతి చూద్దాం. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా నెలకు 80,000 జీతం. ఏడాదికి 9.6 లక్షలని పాత కంపెనీ అంచనా. స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే 12 లక్షల లోపే, రిబేటుతో పన్ను లేదు. అక్టోబరులో నెలకు 1.5 లక్షల ఉద్యోగంలో చేరింది. ఆరు నెలలకు 9 లక్షలు. కొత్త కంపెనీ కూడా 75,000 తీసేసి, పన్ను లేదంది. ఎవరి లెక్క వాళ్లకు సరిగ్గానే ఉంది!

కానీ ఆదాయపు పన్ను శాఖ రెండూ కలుపుతుంది. 13.8 లక్షలు. స్టాండర్డ్ డిడక్షన్ ఒక్కసారే కాబట్టి మిగిలేది 13.05 లక్షలు. రిబేటు పోయింది. శ్లాబుల ప్రకారం పన్ను 75,750, దానిమీద 4 శాతం సెస్సు కలిపి 78,780 రూపాయలు. జులైలో రిటర్న్ వేయబోతే ఇదంతా ఒక్కసారే కట్టాలి. అడ్వాన్స్ టాక్స్ కట్టలేదని 234బి, 234సి సెక్షన్ల కింద ఇంకో 7,000 దాకా వడ్డీ.

చేరిన వారంలోనే ఫారం 12బి నింపి, పాత కంపెనీ ఇచ్చిన జీతం, కోసిన పన్ను చూపిస్తే సరిపోయేది. కొత్త కంపెనీ నెలకు 13,130 చొప్పున ఆరు నెలల్లో కోసేసేది. పాత కంపెనీ ఫారం 16 వచ్చేది ఎప్పుడో జూన్‌లో, దానికోసం ఆగక్కర్లేదు. పాత పే స్లిప్పులు, ఫైనల్ సెటిల్‌మెంట్ కాగితం చాలు. ఫిబ్రవరిలో గుర్తొచ్చినా మించిపోయింది లేదు. మార్చి నెలాఖరులోగా మొత్తం అడ్వాన్స్ టాక్స్‌గా కట్టేస్తే 234బి వడ్డీ తప్పుతుంది.

దీనికి తిరగేసిన కథ కూడా ఉంది. నెలకు 1.5 లక్షలతో ఏప్రిల్‌లో చేరి, నాలుగు నెలలకే ఎంటెక్‌కు వెళ్లిపోయిన అబ్బాయికి అప్పటికే సుమారు 50,000 కోసి ఉంటారు, 18 లక్షల అంచనా మీద. వచ్చింది 6 లక్షలే, పన్నే లేదు. ఆ డబ్బంతా అతనిదే. కానీ కంపెనీ తిరిగివ్వదు, రిటర్న్ వేస్తేనే రిఫండ్. వేసేముందు ఫారం 26ఏఎస్ తెరిచి, స్లిప్పుల్లో కోసినంతా తన పాన్ మీద పడిందో లేదో చూసుకోవాలి. పడకపోతే ముందు పట్టుకోవాల్సింది పాత కంపెనీ పేరోల్ వాళ్లనే.