మళ్లీ వచ్చిన చీరకు ప్రకటన ఎలా రాయాలి?

ప్రశ్న: నీరుగట్టువారిపల్లె పట్టుచీరలను వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్‌లలో అమ్మే చోట, అయిపోయిన రకం 10 చీరలే తిరిగి వస్తే, వెయిటింగ్ లిస్టులో 7 పేర్లుంటే, ఫొటో కింద ఏం రాయాలి? (బి.కొత్తకోట)

జవాబు: వెయిటింగ్ లిస్టు, అంటే సరుకు లేనప్పుడు పేరు నమోదు చేసుకున్నవారి వరుస, అమ్మకందారు ఇచ్చిన మాటతో సమానం కాబట్టి, ఆ 7 మందికి విడిగా సందేశం పంపిన తరువాతే బహిరంగ ప్రకటన వెలువడాలి. పొడవైన వివరణను ఇన్‌స్టాగ్రామ్ మొదటి పంక్తుల తరువాత మడిచేస్తుంది గనుక, చీర పేరు, సంఖ్య, గడువు ఆరంభంలోనే కనిపించాలి. ఉదాహరణకు:

"పచ్చంచు పట్టుచీర మళ్లీ వచ్చింది. మొత్తం 10. ముందే పేరిచ్చినవారికి 7, రేపు సాయంత్రం 6 వరకు. మిగతా 3 ఇప్పుడే. డబ్బు అందిన వరుసలోనే కేటాయింపు. గడువు దాటాక మిగిలినవి అందరికీ."

చేమగ్గంపై ఒక పడుగుకు, అంటే మగ్గానికి నిలువుగా ఎక్కించిన దారాలకు, కొన్ని చీరలే దిగుతాయి కాబట్టి, కొరతకు ఆ నిజమైన కారణాన్ని ఒక్క వాక్యంలో చేర్చవచ్చు. అయితే "చివరి అవకాశం" అని రాసి వారానికే అదే రకం మళ్లీ పెడితే, తరువాతి గడువును ఎవరూ నమ్మరు. ఒకే చీరకు ఇద్దరి నుంచి డబ్బు వచ్చి ఒకరికి తిరిగి పంపవలసి వస్తే, అమ్ముడైన ప్రతిసారీ ప్రకటనలోని సంఖ్యను దిద్దడం లేదని గుర్తించాలి.