"కాదని నిరూపించు" అంటే, అవునన్నట్టేనా?

పోయిన వర్షాకాలం మా అత్తయ్య వాళ్ళబ్బాయికి మూడు రోజులైనా జ్వరం తగ్గలేదు. చేతికి తాయెత్తు కట్టారు, రక్తపరీక్ష మాత్రం అక్కర్లేదన్నారు. నేను గొడవపడితే అత్తయ్య ఒకటే మాట అంది: "ఇది పనిచెయ్యదని నిరూపించగలవారా?"

నా దగ్గర జవాబు లేదు. కానీ రాత్రి ఆలోచిస్తే తట్టింది. పక్కింటావిడ వచ్చి "మంగళవారం కట్టిన తాయెత్తు పనిచెయ్యదు, కాదని నిరూపించు" అంటే? అదీ నిరూపించలేను. అప్పుడు రెండూ నిజమవ్వాలి, కానీ అవి ఒకదానికొకటి వ్యతిరేకం! అందుకే రుజువు చూపించే బాధ్యత, మాట అన్నవాళ్ళదే.

మరి "కనపడలేదు కాబట్టి లేదు" అనొచ్చా? దీనికి మన మీమాంసకులు ఎప్పుడో ఒక నియమం పెట్టారు: యోగ్యానుపలబ్ధి. వెలుగున్న గదిలో కుండ కనపడకపోతే, కుండ లేనట్టే. ఉంటే కనపడి తీరాలి కదా. చీకట్లో అయితే అలా అనలేం. పిశాచం కంటికి కనపడే వస్తువే కాదు కాబట్టి, అది కనపడలేదన్న మాట దేన్నీ తేల్చదు. "దేవుడు కనపడలేదు, కాబట్టి లేడు" అనే వాళ్ళకీ ఇదే సమాధానం. అలాగని అది దేవుడు ఉన్నాడనడానికి రుజువూ కాదు.

ఈ నియమం మన సికింద్రాబాద్‌లోనే పనిచేసింది. దోమల వల్లే మలేరియా వ్యాపిస్తుందేమో అన్న ఊహని పట్టుకుని డాక్టర్ రొనాల్డ్ రాస్ 1895 నుంచి ఇక్కడ దోమల్ని కోసి చూశాడు. చాలాకాలం ఏమీ దొరకలేదు. అంటే ఊహ తప్పా? కాదు. అతను చూసినవి మలేరియాని మోసే రకం దోమలు కావు, అంటే చీకటి గదిలో కుండ వెతికినట్టు. "తప్పని ఎవరు నిరూపించారు?" అని రాస్ కూడా కూర్చోలేదు. 1897 ఆగస్టు 16న మచ్చల రెక్కల దోమల్ని మలేరియా రోగి మీద వదిలాడు. 20న ఒకదాన్ని కోస్తే, పొట్ట గోడలో అంతకుముందెప్పుడూ చూడని నల్లరేణువుల కణాలు కనిపించాయి. మర్నాడు ఇంకో దోమలో అవే ఇంకాస్త పెద్దవయ్యాయి. మనిషి నుంచి దోమలోకి మలేరియా క్రిమి చేరుతోందని అలా తేలింది. దోమ కాటుతో అది వ్యాపించడం మాత్రం మరుసటి ఏడాది పక్షుల మీద చూపించాడు.

మా వాడి సంగతి? తాయెత్తు తీయమనలేదు, పరీక్ష చేయిద్దామన్నాను. మొదటి స్లైడులో ఏమీ లేదు. "చూశావా!" అంది అత్తయ్య. క్రిములు తక్కువుంటే ఒక్క చుక్క రక్తంలో కనపడకపోవచ్చు, అందుకే డాక్టర్ మర్నాడు మళ్ళీ తీయమన్నారు. రెండోదాంట్లో మలేరియా దొరికింది. మందులు మొదలుపెట్టాం.

ఇప్పుడు ఇంట్లో ఎవరైనా "కాదని నిరూపించు" అంటే, నేను ఒకటే అడుగుతాను: "ఇది నిజమైతే ఎక్కడ కనపడాలి? అక్కడ చూశామా?"