పానా లైటు: ఆర్పే ముందు చదవండి

సాయంత్రం ఐదున్నరకు డెలివరీ. ఆయిల్ మార్చారు, ఫిల్టర్ మార్చారు, బండి కడిగి బయట పెట్టారు. కస్టమర్ తాళం తిప్పగానే మీటర్‌లో పసుపు రంగు పానా గుర్తు వెలిగింది. "ఏంటి తమ్ముడూ, సర్వీసే చేయలేదా?" అని ఆయన అడిగితే, మీరు చేసిన మూడు గంటల పని ఆ ఒక్క గుర్తు ముందు చేయనట్టే. అందుకే వర్క్‌షాప్‌లో చేరిన కుర్రాళ్లు మొదటి వారంలోనే ఆ లైటు ఆర్పడం నేర్చుకుంటారు. అది ఎందుకు వెలిగిందో చదవడం మాత్రం చాలామంది ఏళ్లు గడిచినా నేర్చుకోరు. మాట పడేది అక్కడే.

లెక్క వేరు, లోపం వేరు

చాలా కార్లలో పానా గుర్తు అంటే ఒక లెక్క మాత్రమే. మీటర్ లోపల కిలోమీటర్లకు ఒకటి, రోజులకు ఒకటి రెండు లెక్కలు నడుస్తుంటాయి. ఏది ముందు అయిపోతే దాని ప్రకారం గుర్తు వస్తుంది. హ్యుందాయ్ కార్లలో 1,500 కిలోమీటర్లు గానీ 30 రోజులు గానీ మిగిలినప్పుడు ముందస్తుగా చెబుతుంది. గడువు దాటాక తాళం తిప్పిన ప్రతిసారీ కొన్ని సెకన్లపాటు `Service required` అని చూపించి ఊరుకుంటుంది. ఆయిల్ నల్లబడిందా, మట్టం తగ్గిందా, బ్రేక్ ప్యాడ్లు అరిగాయా అన్నది ఆ లెక్కకు తెలియదు. కొన్ని కంపెనీలు ఇంజిన్ వేడి, తిరిగిన తీరు కూడా కలుపుకుని ఆయిల్ ఆయుష్షు అంచనా కడతాయి. అది కూడా అంచనాయే, కొలత కాదు.

లోపం లైటు దారి వేరు. ఇంజిన్ బొమ్మతో వచ్చే పసుపు లైటు వెనుక ఇంజిన్ కంప్యూటర్ ఉంటుంది. ఏదో సెన్సర్ చెప్పిన విలువ ఉండాల్సిన పరిధిలో లేదని కంప్యూటర్ తేల్చుకున్నాకే ఆ లైటు వెలుగుతుంది, ఒక కోడ్ నమోదవుతుంది. ఆ క్షణంలో బండి వేగం ఎంత, ఇంజిన్ వేడి ఎంత, ఎన్ని ఆర్‌పీఎం అన్న వివరాలు ఫ్రీజ్ ఫ్రేమ్ అనే పేరుతో పక్కనే దాచి ఉంటాయి. ఆ లైటు వెలుగుతూ ఆరుతూ కొట్టుకుంటే మిస్‌ఫైర్ తీవ్రంగా ఉందని అర్థం. అలాగే నడిపితే కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలోకి వెళ్లి క్యాటలిటిక్ కన్వర్టర్‌ను మాడ్చేస్తుంది.

ఈ రెండూ రెండు వేరు పుస్తకాలు. చవకగా దొరికే ఓబీడీ రీడర్‌తో ఇంజిన్ కోడ్లు చెరిపితే సర్వీస్ లెక్క కదలదు. సర్వీస్ లెక్క రీసెట్ చేస్తే ఇంజిన్ కోడ్ పోదు. ఒకదాని మందు ఇంకోదానికి వేసి, లైటు పోవడం లేదని గంటసేపు కూర్చునే కుర్రాళ్లు ప్రతి గ్యారేజీలో ఉంటారు.

ఒకే గుర్తు, రెండు అర్థాలు

ఇక్కడివరకు సులువే. చిక్కేమిటంటే, పానా గుర్తు అన్ని కంపెనీల్లో లెక్క కాదు. ఫోర్డ్ కార్లలో పసుపు పానా గుర్తు పవర్‌ట్రెయిన్ లోపానికి పెట్టిన లైటు. థ్రాటిల్ లేదా గేర్‌బాక్స్ వైపు ఏదో తేడా వచ్చిందని, అవసరమైతే బండి శక్తి తగ్గించేస్తుందని దాని అర్థం. 2021లో ఫోర్డ్ మన దేశంలో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. బండ్లు మాత్రం రోడ్డు మీదే ఉన్నాయి, బయటి గ్యారేజీలకు వస్తూనే ఉంటాయి. వేరే కంపెనీ బండ్ల మీద చేయి తిరిగినవాళ్లు ఆ పానాను చూసి సర్వీస్ అనుకోవడం సహజం. షెవ్రొలే బండ్లలో కారు బొమ్మ మీద పానా ఉంటే అదీ లోపం వైపే.

అందుకే బొమ్మను బట్టి తీర్పు చెప్పకండి. మూడు విషయాలు చూడండి. మొదటిది ఓనర్స్ మాన్యువల్. గ్లవ్ బాక్స్‌లో లేకపోతే కంపెనీ సైట్‌లో ఆ మోడల్, ఆ సంవత్సరంది తెరవండి. రెండోది గుర్తు ప్రవర్తన. పక్కన కిలోమీటర్లో రోజులో చూపించి, తాళం తిప్పిన కాసేపటికి మాయమైతే అది సాధారణంగా లెక్క. దారిలో నడుస్తుండగా ఉన్నట్టుండి వెలిగి, అలాగే నిలబడిపోతే లోపం అనుకునే మొదలుపెట్టండి. మూడోది డ్రైవర్ నోటి మాట. పికప్ తగ్గిందా, యాక్సిలరేటర్ తొక్కితే బండి లాగడం లేదా, బండి ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే బాగవుతోందా అని అడగండి. లెక్క లైటు వల్ల బండి నడకలో ఏ తేడా రాదు. తేడా ఉందంటే అది లెక్క కాదు.

ఒక కేసు

ఇలా అనుకుందాం. ఒక ఫోర్డ్ ఎకోస్పోర్ట్ పెట్రోల్ బండి వచ్చింది. ఓడోమీటర్ 58,400. పాత బిల్లు చూస్తే చివరి సర్వీస్ 48,600 దగ్గర జరిగింది, అంటే 9,800 కిలోమీటర్లు నడిచింది. మీటర్‌లో పానా గుర్తు. అడ్వైజర్ జాబ్ కార్డ్ మీద "సర్వీస్ లైటు, పీరియాడిక్ సర్వీస్" అని రాసి బేలోకి పంపాడు. అంకె కూడా అతని మాటకు సరిపోయింది. ఉచ్చు అక్కడే ఉంది.

తప్పుదారి ఇలా సాగుతుంది. ఆయిల్, ఫిల్టర్లు మారుస్తారు. పానా పోదు. రీసెట్ వీడియోలు వెతుకుతారు, అవి పని చేయవు. చివరికి ఎవరో బ్యాటరీ టెర్మినల్ పది నిమిషాలు తీసిపెడతారు. లైటు ఆరిపోతుంది. అందరూ హమ్మయ్య అనుకుంటారు. బ్యాటరీ తీసినందుకు కోడ్, ఫ్రీజ్ ఫ్రేమ్ రెండూ చెరిగిపోయే ప్రమాదం ఉంది. లోపం మాత్రం ఉన్నచోటే ఉంది. రెండు రోజుల తర్వాత ఆ బండి ఫ్లైఓవర్ ఎక్కుతూ శక్తి పడిపోయి, వెనుక లారీ హారన్ కొడుతుంటే పక్కకు జరుగుతుంది. కస్టమర్ మళ్లీ వచ్చేసరికి ఆయన ప్రశ్న మీ బిల్లు మీద ఉంటుంది.

సరైన దారి పెద్ద కష్టమేమీ కాదు. సర్వీస్ పని ముట్టుకోకముందే స్కానర్ పెట్టారు. P2112 వచ్చింది, అంటే థ్రాటిల్ మూసుకున్న స్థితిలో ఇరుక్కుంటోందని. కోడ్, ఫ్రీజ్ ఫ్రేమ్ రెండింటినీ ఫోన్‌తో ఫొటో తీశారు. ఇంజిన్ వేడెక్కి ఉంది, వేగం 38 కిలోమీటర్లు. డ్రైవర్‌ను అడిగితే, ట్రాఫిక్‌లో ఆగి కదిలేటప్పుడే బండి లాగడం లేదన్నాడు. రెండూ కలిశాయి.

ఇక్కడ ఇంకో తొందరపాటు ఉంటుంది. కోడ్‌లో థ్రాటిల్ అని రాగానే థ్రాటిల్ బాడీ ఆర్డర్ పెట్టేస్తారు. కోడ్ ఎక్కడ వెతకాలో చెబుతుంది, ఏ పార్ట్ పోయిందో చెప్పదు. ముందు బ్యాటరీ ఓల్టేజ్ చూడాలి. తర్వాత కనెక్టర్ తీసి పిన్నులు వదులుగా ఉన్నాయా, పచ్చబడ్డాయా చూడాలి. ఆ పైన థ్రాటిల్ ప్లేట్ అంచున మసి పేరుకుందా చూడాలి. మన కేసులో మసి గట్టిగా ఉంది. గుడ్డ మీద క్లీనర్ వేసి తుడిచారు, స్కానర్‌తో థ్రాటిల్ లెర్నింగ్ చేశారు, కోడ్ చెరిపి, డ్రైవర్ చెప్పిన పరిస్థితిలోనే బండి నడిపి చూశారు. మళ్లీ స్కాన్ చేస్తే కోడ్ లేదు. సర్వీస్ గడువు కూడా దగ్గరపడింది కాబట్టి ఆ పని విడిగా చేసి, బిల్లులో విడిగా రాశారు. మసి తుడిచాక కూడా కోడ్ తిరిగొస్తే అప్పుడు మోటార్, గేర్ల వైపు చూడాలి. పార్ట్ మార్చే మాట అప్పుడు.

కోడ్ చెరిపాక లైటు రాలేదని వెంటనే ధీమా పడకండి. చాలా లోపాలు వరుసగా రెండు ట్రిప్పుల్లో కనిపిస్తేనే కంప్యూటర్ లైటు వెలిగిస్తుంది. గ్యారేజీ చుట్టూ ఒక చక్కర్‌లో లైటు రాకపోవడం రుజువు కాదు. స్కానర్‌లో పెండింగ్ కోడ్లు కూడా చూసి బండి అప్పగించండి.

రీసెట్ ఎప్పుడు, ఎలా

నిజంగా లెక్క లైటే అయితే రీసెట్ అన్నిటికన్నా చివరి పని. ఆయిల్ పోసి, ఇంజిన్ తిప్పి, డిప్‌స్టిక్ చూసి, కింద లీక్ లేదని తేల్చుకున్నాక. ముందే నొక్కేసి "తర్వాత చేద్దాంలే" అనుకున్న పని రద్దీ రోజున మిగిలిపోతుంది. అప్పుడు దాన్ని గుర్తుచేసే లైటు కూడా ఉండదు.

పద్ధతి మోడల్‌ను బట్టి మారుతుంది. స్టీరింగ్ బటన్లతో నడిచే చాలా హ్యుందాయ్ కార్లలో మీటర్ సెట్టింగ్స్‌లో సర్వీస్ ఇంటర్వెల్ దాకా వెళ్లి ఓకే బటన్ ఒక సెకనుకు పైగా నొక్కి పట్టాలి. ప్యూజో, సిట్రోయెన్‌ల పాత మీటర్లలో ఇగ్నిషన్ ఆఫ్ చేసి ట్రిప్ బటన్ నొక్కి పట్టుకుని ఇగ్నిషన్ ఆన్ చేయాలి. అంకెలు వెనక్కి లెక్కపెడుతూ `=0` వచ్చాక వదిలితే పానా పోతుంది. ఆ తర్వాత బ్యాటరీ తీయాల్సి ఉంటే బండి లాక్ చేసి కనీసం ఐదు నిమిషాలు ఆగాలి, లేదంటే రీసెట్ నమోదు కాదు. బీఎండబ్ల్యూ లాంటి వాటిలో ఇంజిన్ ఆయిల్‌కు, ముందు బ్రేకులకు, వెనుక బ్రేకులకు విడివిడి లెక్కలుంటాయి. ఆయిల్ ఒక్కటే మార్చి అన్నీ రీసెట్ చేస్తే, చేయని బ్రేకుల పని చేసినట్టు బండిలో మీరే రాసినట్టు.

రీసెట్ అయ్యాక తాళం తీసి మళ్లీ తిప్పి, కొత్త గడువు ఎంత చూపిస్తోందో కళ్లతో చూడండి. లైటు పోయిందా అన్నది సగమే. 10,000 రావాల్సిన చోట పాత ఓనర్ పెట్టుకున్న 15,000 ఉండిపోతే, తర్వాతి సర్వీస్ ఐదు వేల కిలోమీటర్లు ఆలస్యమవుతుంది. బ్యాటరీ డౌన్ అయినా, టెర్మినల్ తీసినా ఈ లెక్క తప్పే బండ్లున్నాయి. కాబట్టి మీటర్‌ను పాత బిల్లు ఓడో అంకెతో సరిచూడండి.

"ఆర్పేసి పంపు" అన్నప్పుడు

ఈ మాట మీకు వస్తుంది. బండి అమ్ముకునే బ్రోకర్ అంటాడు, కిస్తీ కట్టాల్సిన క్యాబ్ డ్రైవర్ అంటాడు, టార్గెట్ తరుముతుంటే మీ సూపర్‌వైజరే అంటాడు. డ్రైవర్ దగ్గర ఇవాళ డబ్బుల్లేకపోతే ఆయనతో గొడవ పడక్కర్లేదు. డిప్‌స్టిక్ తీసి ఆయిల్ మట్టం చూపించండి, ఎన్ని కిలోమీటర్లు దాటిందో చెప్పండి, లైటును అలాగే ఉంచి పంపండి. ఆయనకు అది గుర్తుచేస్తూ ఉంటుంది. లోపం లైటు అయితే కోడ్ చెరపకుండా కాగితం మీద రాసివ్వండి. పై నుంచి ఒత్తిడి వస్తే ఎదురు చెప్పకుండా, జాబ్ కార్డ్‌లో ఉన్నది ఉన్నట్టు రాయండి: "పని చేయలేదు, కస్టమర్ కోరిక మీద రీసెట్ మాత్రమే." ఆ వాక్యం కింద సంతకం పెట్టమంటే చాలామంది అడగడం మానేస్తారు.

మామూలు రోజున రాయాల్సింది కూడా ఒక్క వరుసే: ఓడో 40,120, ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్చాం, కోడ్లు లేవు, సర్వీస్ లెక్క 10,000 కిలోమీటర్లు, 365 రోజులకు పెట్టాం. ఆరు నెలల తర్వాత ఇంజిన్ పోయిందని ఎవరైనా వస్తే, ఆ రోజు మీరేం చేశారో ఆ వరుస చెబుతుంది. అది లేకపోతే మీటర్‌లో మిగిలేది ఎవరో ఎప్పుడో ఆర్పిన లైటు మాత్రమే.