చిన్నోని కాళ్లు – చిట్టి కాళ్లు

అది మంగళవారం. కొండగట్టు అంజన్న గుడి దగ్గర జనం కిటకిటలాడుతున్నారు. కొండ కింది ఊరి నుంచి ఒక అత్త, కోడలు దర్శనానికి వచ్చారు. కోడలి చంకలో చిన్నోడు ఉన్నాడు. వాడికి పదిహేను నెలలు. నడక నేర్చి రెండు నెలలైంది.

దర్శనం అయ్యింది. చెట్టు కింద కూర్చున్నారు. చిన్నోడు తప్పటడుగులు వేస్తున్నాడు. పక్కన కూర్చున్న ఒకామె వాణ్ణి చూసింది.

"ఏందమ్మా, పోరని కాళ్లు గట్ల వంకరున్నయి?" అని అడిగింది.

అత్త కూడా చూసింది. నిజమే. పాదాలు దగ్గరగా ఉన్నాయి. మోకాళ్లు దూరంగా ఉన్నాయి. మధ్యలో సందు కనిపిస్తోంది. ఇవి దొడ్డికాళ్లు.

"నేను చెప్తనే ఉన్న. పొద్దుగూకులు చంకనేసుకుంటివి. అందుకే కాళ్లు వంగినయి" అని అత్త కోడలిని కోప్పడింది.

కోడలు మాట్లాడలేదు. కళ్లనీళ్లు పెట్టుకుంది. "స్వామీ, నా కొడుకు కాళ్లు సక్కగ చెయ్యి" అని మొక్కుకుంది.

అంగన్‌వాడీలో

మర్నాడు అత్తాకోడళ్లు చిన్నోణ్ణి అంగన్‌వాడీకి తీసుకుపోయారు. టీచరమ్మ వాణ్ణి చాప మీద వెల్లకిలా పడుకోబెట్టింది. కాళ్లు మెల్లగా చాపింది. మోకాలి చిప్పలు పైకి చూసేలా పట్టుకుంది. రెండు చీలమండలు ఒకదానికొకటి ఆనించింది. అప్పుడు మోకాళ్ల మధ్య తన వేళ్లు పెట్టి చూసింది. రెండు వేళ్లు పట్టాయి.

"రెండు కాళ్లు ఒక్కతీరే వంగినయి. పిల్లగానికి ఇంక రెండేండ్లు నిండలేదు. నొప్పి లేదు, కుంటుడు లేదు. ఇది మామూలే అత్తమ్మా" అంది టీచరమ్మ.

"మరెందుకు వంగినయి టీచరమ్మా?"

"కడుపుల పిల్ల కాళ్లు మడుచుకొని ఉంటది. తొమ్మిది నెలలు గట్లనే ఉంటది. అందుకే పుట్టినప్పుడు అందరి కాళ్లు కొంచెం వంగే ఉంటయి. నడక నేర్చినంక మనకు కనిపిస్తయి. రెండేండ్లు వచ్చేసరికి చాలా మందికి వాటంతట అవే సక్కగైతయి. చంకల ఎత్తుకుంటే కాళ్లు వంగవు."

కోడలు మనసు తేలికపడింది. అత్త కోడలి వైపు చూసి, "నాకేం తెలుసు బిడ్డా" అంది.

టీచరమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. "మూడేండ్లప్పుడు ఉల్టా అయితది. మోకాళ్లు ఒకదానికొకటి తగులుతయి. చీలమండలు దూరం ఉంటయి. అప్పుడు మళ్లీ భయపడకుండ్రి. అది గూడ చాలా మందిల ఏడేండ్ల లోపల సక్కగైతది."

"నూనె పెట్టి ఒత్తాల్నా? గుడ్డతో కట్టాల్నా?" అని అత్త అడిగింది.

"నూనె రాయొచ్చు. మెల్లగ రుద్దొచ్చు. కని కాళ్లు వంచుడు, కట్టుడు వద్దు. దాంతోని కాళ్లు సక్కగ కావు. లేత బొక్కలకు దెబ్బ తగులుతది."

టీచరమ్మ ఒక కాగితం మీద తేదీ రాసింది. దాని పక్కన 'రెండు వేళ్లు' అని రాసింది. మూడు నెలల తర్వాత మళ్లీ తీసుకురమ్మంది.

చిట్టి సంగతి

అదే గదిలో చిట్టి ఆడుకుంటోంది. చిట్టికి మూడేళ్లు. చిట్టి కాళ్లూ దొడ్డికాళ్లే. కానీ చిట్టి గురించి ఎవరూ భయపడలేదు. "వాళ్ల నాయనమ్మ కాళ్లు గూడ గట్లనే. మా ఇంటి పోలిక" అనేది చిట్టి తల్లి.

చిట్టి తల్లి బీడీలు చుడుతుంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఎన్నో ఇళ్లలో ఆడవాళ్లు చేసే పని ఇదే. పొద్దున చాట ఒళ్లో పెట్టుకుంటే సాయంత్రం దాకా లేవడానికి ఉండదు. చిట్టి కూడా ఆ గదిలోనే తల్లి పక్కన పెరిగింది. ఎండ తగిలింది తక్కువ. పాలు తాగింది తక్కువ. డికాషన్ చాయ్‌లో ముంచిన బిస్కెట్లు తిన్నది ఎక్కువ.

టీచరమ్మ చిట్టిని కూడా పడుకోబెట్టి చూసింది. మోకాళ్ల మధ్య నాలుగు వేళ్లు పట్టాయి. పాత కాగితం తీసింది. ఎనిమిది నెలల కింద మూడు వేళ్లే పట్టాయి. అంటే సందు తగ్గలేదు, పెరిగింది.

తర్వాత చిట్టి మణికట్టు పట్టుకుని చూసింది. మణికట్టు దగ్గర ఎముక లావుగా, ఉబ్బినట్టు ఉంది. చిట్టికి పళ్లు ఆలస్యంగా వచ్చాయి. నడక కూడా ఏడాదిన్నర దాటాకే వచ్చింది. ఎత్తు రాసిన కార్డులో గీత పైకి పోలేదు.

"అమ్మా, ఇది ఇంటి పోలిక అని ఊకోవద్దు. చిట్టిని జగిత్యాల సర్కారు దవాఖానకు తీస్కపో" అంది టీచరమ్మ.

తల్లికి ఒక రోజు కూలి పోతుంది. అయినా వెళ్లింది. దవాఖానలో డాక్టరు చిట్టిని పరీక్ష చేసింది. మణికట్టుకు, మోకాళ్లకు ఎక్స్‌రే తీయించింది. రక్తం పరీక్ష చేయించింది. చిట్టికి రికెట్స్ అనే జబ్బు ఉందని తేలింది.

రికెట్స్ అంటే ఏమిటి?

ఎముక గట్టిపడాలంటే కాల్షియం కావాలి. తిన్న కాల్షియం ఒంటికి పట్టాలంటే 'డి' విటమిన్ కావాలి. ఒంటి మీద ఎండ పడితే 'డి' విటమిన్ తయారవుతుంది. ఈ రెండూ చాలకపోతే పిల్లల ఎముకలు మెత్తగా ఉండిపోతాయి. పిల్ల నిలబడినప్పుడు ఒంటి బరువు కాళ్ల మీద పడుతుంది. మెత్తటి ఎముక వంగిపోతుంది. పచ్చి వెదురు బద్ద మీద బరువు పెడితే వంగినట్టే.

డాక్టరు చిట్టికి 'డి' విటమిన్ మందు, కాల్షియం మందు రాసింది. ఎంత వేయాలో, ఎన్ని రోజులు వేయాలో చీటీలో రాసింది. "చెప్పినంతనే వెయ్యాలె. బలం కోసమని మళ్లీ మళ్లీ సూదులు ఏపియ్యొద్దు. 'డి' విటమిన్ ఎక్కువైతే మూత్రపిండాలు చెడిపోతయి" అని హెచ్చరించింది.

డాక్టరు తాగే నీళ్ల గురించి కూడా అడిగింది. దానికి కారణం ఉంది. 1970ల నాటికే నల్గొండ జిల్లాలో పెద్ద పిల్లల మోకాళ్లు వంకరపోవడాన్ని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు గమనించారు. అక్కడి నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. అది ఎముకలను పాడు చేస్తుంది.

చిట్టి తల్లి ఇప్పుడు చాట పట్టుకుని అరుగు మీద కూర్చుంటోంది. చిట్టి వాకిట్లో ఆడుకుంటోంది. పొద్దున పది దాటాక చేతులకు, కాళ్లకు ఎండ తగలనిస్తోంది. ఎండాకాలంలో కాసేపే ఉంచి నీడకు తెస్తోంది. అద్దం కిటికీ లోంచి పడే ఎండతో 'డి' విటమిన్ రాదు. అందుకే బయటికే తేవాలి. చాయ్ బదులు పాలు ఇస్తోంది. అంగన్‌వాడీ గుడ్డు తినిపిస్తోంది. ఇంట్లో తైదల జావ, నువ్వుల ముద్ద పెడుతోంది.

మూడు నెలలకు మళ్లీ ఎక్స్‌రే తీశారు. ఎముక గట్టిపడుతోందని డాక్టరు చెప్పింది. కాళ్లు మాత్రం ఒక్కసారిగా సక్కగా కావు. ఏడాది, రెండేళ్లు పడుతుంది. మందుతో తగ్గని రికెట్స్ కూడా ఉంటుంది. అందుకే దవాఖానకు మళ్లీ మళ్లీ చూపించాలి.

మునివేళ్ల నడక

ఒక రోజు మరో తల్లి వచ్చింది. "మా పిల్ల మడిమలు ఆనియ్యది. మునివేళ్ల మీదనే నడుస్తది" అంది. పిల్లకు రెండేళ్లు.

టీచరమ్మ పిల్లను నిలబెట్టి బొమ్మ ఇచ్చింది. పిల్ల ఆటలో పడి మడిమలు నేలకు ఆనించింది. నడక నేర్చే పిల్లలు కొందరు ఇలా నడుస్తారు. మడిమ ఆనగలిగితే, మూడేళ్ల దాకా చూడొచ్చు.

మడిమ అసలే ఆనకపోతే ఆగొద్దు. ఒక కాలే మునివేళ్ల మీద ఉన్నా ఆగొద్దు. కాళ్లు బిర్రుగా ఉన్నా, పేరు పెట్టి పిలిస్తే చూడకపోయినా, మాటలు రాకపోయినా చూపించాలి. ముందు బాగా నడిచి తర్వాత మునివేళ్ల మీద నడవడం మొదలుపెట్టినా చూపించాలి.

చదును పాదాలు

తడి కాలితో బండ మీద నడిస్తే పెద్దవాళ్ల అడుగులో పక్కన గుంట కనిపిస్తుంది. చిన్నపిల్లల అడుగు నిండుగా పడుతుంది. ఎందుకంటే వాళ్ల అరికాలిలో కొవ్వు ఉంటుంది. ఆరేళ్లు వచ్చేసరికి చాలా మందికి గుంట వస్తుంది.

పిల్లను మునివేళ్ల మీద నిలబడమనండి. అప్పుడు అరికాలిలో గుంట కనిపిస్తే భయం లేదు. దాని కోసం ఖరీదైన బూట్లు కొనక్కర్లేదు. బూట్లతో గుంట రాదు. పాదం నొప్పి పెట్టినా, బిగుసుకున్నా, ఒక పాదమే చదునుగా ఉన్నా చూపించాలి.

గుర్తుంచుకోండి: నాలుగు ప్రశ్నలు

1. వయసు ఎంత? రెండేళ్లు దాటినా దొడ్డికాళ్లు తగ్గకపోతే చూపించాలి.
2. రెండు కాళ్లా, ఒకటేనా? ఒక కాలే వంగినా, పొట్టిగా ఉన్నా, కుంటినా వెంటనే చూపించాలి. తుంటి కీలు తప్పి ఉండొచ్చు.
3. తగ్గుతోందా, పెరుగుతోందా? మోకాళ్ల మధ్య నాలుగు వేళ్లు పడితే చూపించాలి.
4. నొప్పి ఉందా? ఎత్తు పెరగడం లేదా? మణికట్టు ఉబ్బిందా? ఏ ఒక్కటి ఉన్నా చూపించాలి.

అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు డాక్టర్ల బృందం వచ్చి పిల్లలను పరీక్ష చేయాలి. ఇది 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం. దీనికి డబ్బులు ఇవ్వక్కర్లేదు. బృందం ఎప్పుడు వస్తుందో టీచరును అడగండి.

చిన్నోడికి ఇప్పుడు రెండేళ్లు. మోకాళ్ల మధ్య ఒక వేలు కూడా పట్టడం లేదు. అత్తాకోడళ్లు మళ్లీ కొండగట్టుకు వెళ్లారు. ఈసారి చిట్టి తల్లి కూడా వాళ్లతో వచ్చింది.

చదివి జవాబు చెప్పండి

1. చిన్నోని కాళ్లు ఎందుకు వంగి ఉన్నాయి?
2. చిట్టి కాళ్లు మామూలు కాదని టీచరమ్మకు ఎలా తెలిసింది?
3. చిట్టి తల్లి ఇంట్లో ఏ ఏ మార్పులు చేసింది?
4. మునివేళ్ల మీద నడిచే పిల్లను ఎప్పుడు చూపించాలి?

చేసి చూడండి

మీ ఇంట్లో మూడేళ్ల లోపు పిల్లలు ఉన్నారా? పడుకోబెట్టి మోకాళ్ల మధ్య వేళ్లు పెట్టి చూడండి. పిల్ల పేరు, తేదీ, ఎన్ని వేళ్లు పట్టాయో మీ చేత్తో రాయండి. మూడు నెలల తర్వాత మళ్లీ చూసి, దాని కిందే రాయండి.