నిండిన కెపాసిటర్ – ఆగిన కరెంటు

సందేహాలు – సమాధానాలు

ప్రశ్న: అయ్యా, నేను ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. కెపాసిటర్ డీసీని ఆపేస్తుంది, ఏసీని పోనిస్తుంది అని పుస్తకంలో ఉంది. నేను 9 వోల్టుల బ్యాటరీకి ఒక ఎల్ఈడీ, 1 కిలో ఓమ్ రెసిస్టర్, 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ వరసగా కలిపాను. ఎల్ఈడీ వెలిగి, రెండు మూడు సెకన్లలో మెల్లగా ఆరిపోయింది. మా స్నేహితుడు 104 అని రాసి ఉన్న చిన్న బిళ్ల కెపాసిటర్‌తో చేస్తే అసలు వెలగలేదు. పుస్తకం చెప్పిందే జరిగింది కదా అని వాడు నవ్వుతున్నాడు. మధ్యలో కరెంటు పోనివ్వని పొర ఉంటే నా ఎల్ఈడీ ఎలా వెలిగింది? వెలిగింది మళ్లీ ఎందుకు ఆరింది?
– విద్యార్థి, నరసరావుపేట

సమాధానం: బాబూ, మీ ఇద్దరి ఎల్ఈడీలూ వెలిగాయి. మీ వాడిది కంటికి కనపడలేదంతే. ఆ లెక్క తర్వాత చెబుతాను. ముందు ఒక కథ విను. ఇదే ప్రశ్నతో ఒక అమ్మాయి మా పాలిటెక్నిక్ ల్యాబులో ఒక మధ్యాహ్నమంతా కూర్చుంది.

ఎలక్ట్రానిక్స్ డిప్లొమా రెండో సంవత్సరం. మార్కులకు లోటు లేని పిల్ల. వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ అడిగాడు, "కెపాసిటర్ డీసీని ఎందుకు ఆపుతుందమ్మా?" అని. ఈ పిల్ల టకటకా Xc = 1/(2πfC) అని రాసి, "డీసీకి f సున్నా, కాబట్టి Xc అనంతం" అంది. ఆయన "అది లెక్క. లోపల ఏం జరుగుతోందో చెప్పు" అన్నాడు. చెప్పలేకపోయింది. మార్కులు పడ్డాయి గానీ మనసు కుదుటపడలేదు. మర్నాడు నా దగ్గరికొచ్చి, "సార్, మధ్యలో పొర ఉంది కాబట్టి పోదు, అంతే కదా?" అంది. అంతే అనిపించుకుని వెళ్లిపోదామని వచ్చింది పాపం.

నేను ఏమీ చెప్పకుండా సామాను ఇచ్చాను. 9 వోల్టుల బ్యాటరీ, 10 కిలో ఓమ్ రెసిస్టర్, 1000 మైక్రోఫారడ్, 25 వోల్టుల కెపాసిటర్, రెండు మల్టీమీటర్లు. నీలా 1 కిలో ఓమ్ కాకుండా 10 కిలో ఓమ్ ఇవ్వడానికి కారణం ఉంది. రెసిస్టర్ పదింతలైతే వ్యవహారం పదింతలు నెమ్మదిస్తుంది, రీడింగులు కాగితం మీద రాసుకునే వ్యవధి దొరుకుతుంది.

మొదటి మీటరును బ్యాటరీ ప్లస్ నుంచి వచ్చే వైరులో పెట్టింది. కలపగానే 0.9 మిల్లీ ఆంపియర్. పది సెకన్లకు 0.33. ఇరవైకి 0.12. ముప్పైకి 0.045. నిమిషం తిరిగేసరికి దాదాపు ఏమీ లేదు. "సరే సార్, కాస్త కరెంటు వెళ్లి ఆ ప్లేటు మీద కూర్చుంది. అవతలి ప్లేటుకు మాత్రం వెళ్లదు" అంది. "అయితే అవతలి వైరులో ఎంత ఉంటుంది?" అని అడిగాను. "సున్నా సార్" అంది, ఏమాత్రం తడుముకోకుండా.

కెపాసిటర్ కాళ్లను రెసిస్టర్ గుండా కాసేపు కలిపి ఖాళీ చేయించి, రెండో మీటరును కెపాసిటర్‌కూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య పెట్టించాను. మళ్లీ కలిపింది. రెండు మీటర్లూ 0.9 చూపించాయి. రెండూ కలిసే దిగాయి, ఏ క్షణాన చూసినా ఒకటే అంకె. మీటరు పాడయిందేమోనని రెండింటినీ అటూ ఇటూ మార్చి చూసింది. అదే తంతు.

బ్యాటరీ చేసే పని ఒక్కటే. ఒక ప్లేటులోంచి ఎలక్ట్రాన్లను లాగి, తన గుండా తిప్పి, రెండో ప్లేటు మీదికి తోస్తుంది. ఇటు ఎన్ని తగ్గితే అటు అన్నే పెరుగుతాయి. పొరను ఒక్క ఎలక్ట్రాను కూడా దాటలేదు, అయినా రెండు వైర్లలోనూ కరెంటు ఉంది. కెపాసిటర్ చార్జిని దాచుకుంటుంది అని మన పుస్తకాలు రాసే మాట నాకు ఎప్పుడూ నచ్చదు. రెండు ప్లేట్లూ కలిపి చూస్తే అందులో అదనంగా చేరిన చార్జి సున్నా. ఉన్నదాన్ని ఇటు నుంచి అటు సర్దడమే జరిగింది.

"మరైతే ఎందుకు ఆగింది సార్?" అంది. ఇప్పుడు అసలు ప్రశ్న వచ్చింది. ఒక మీటరును వోల్టులకు మార్చి కెపాసిటర్ రెండు కాళ్ల మీద పెట్టమన్నాను. మళ్లీ ఖాళీ చేసి మొదలుపెట్టింది. పది సెకన్లకు 5.7 వోల్టులు, ఇరవైకి 7.8, ముప్పైకి 8.55. ఈ అంకెల పక్కన పాత కరెంటు అంకెలు రాసుకుంది. 0.33 మిల్లీ ఆంపియర్‌ను 10 కిలో ఓమ్‌లతో గుణిస్తే 3.3 వోల్టులు, దానికి 5.7 కలిపితే 9. తర్వాతి వరస 1.2, 7.8. మళ్లీ 9. ఏ వరస కూడినా బ్యాటరీ వోల్టేజే వస్తోంది.

అక్కడ పెన్ను కింద పెట్టింది. ఎలక్ట్రాన్లు చేరుతున్న కొద్దీ, కొత్తగా వచ్చేవాటిని ఆ ప్లేటు వెనక్కి నెడుతుంది. ఆ ఎదురుతోపుడే మీటరు చూపించే 5.7, 7.8. బ్యాటరీ తోపుడులోంచి దీన్ని తీసేస్తే మిగిలిందే రెసిస్టర్ గుండా కరెంటును నడుపుతోంది. ఎదురుతోపుడు 9 వోల్టులకు చేరాక మిగిలింది సున్నా, కరెంటూ సున్నా. మిద్దె మీది ట్యాంకుకూ పక్కనే అదే ఎత్తున పెట్టిన ఖాళీ డ్రమ్ముకూ అడుగున గొట్టం కలిపితే, మొదట నీళ్లు జోరుగా పోయి, మట్టాలు దగ్గరపడే కొద్దీ సన్నగిల్లి, సమమయ్యాక ఆగుతాయి. ఎవరూ కుళాయి కట్టలేదు. (పోలిక ఇక్కడి వరకే. డ్రమ్ములో నీళ్లు నిజంగా చేరతాయి, కెపాసిటర్‌లో రెండో వైపు నుంచి అన్నే పోతాయి.)

మరి పొర పనేమిటి అంటావు. పొర లేకపోతే రెండు ప్లేట్లూ ఒకదానికొకటి తగిలి తేడా ఎప్పటికప్పుడు చెరిగిపోతుంది, ఎదురుతోపుడు పెరిగే అవకాశమే ఉండదు. కాబట్టి మీ స్నేహితుడి మాట పూర్తిగా తప్పు కాదు. పొర కరెంటును వెంటనే ఆపదు, ఆగే స్థితి ఏర్పడనిస్తుంది.

నేను ఇంతటితో అయిందనుకున్నాను. ఆ అమ్మాయి మాత్రం కదలలేదు. "సార్, ఇది గోడ అయితే ఎన్ని బ్యాటరీలు పెట్టినా గోడే కదా. సమానమవడం వల్ల ఆగితే, ఇంకో బ్యాటరీ కలిపితే మళ్లీ నడవాలి!" అంది. నేను చెప్పింది కాదు, తనకే తట్టింది. ముందు కెపాసిటర్ మీద 25 వోల్టులని ఉందో లేదో చూసుకుంది, అది నాకు ముచ్చటేసింది. నిండి, చప్పుడు లేకుండా ఉన్న కెపాసిటర్‌కు రెండు బ్యాటరీలు వరసగా చేర్చి 18 వోల్టులు ఇచ్చింది. మీటరు ఠక్కున 0.9 మిల్లీ ఆంపియర్‌కు ఎగిరి, మళ్లీ మెల్లగా దిగడం మొదలుపెట్టింది.

తర్వాత వైరును వెనక్కి 9 వోల్టుల దగ్గరికి తెచ్చింది. ఈసారి అంకె ముందు మైనస్ గుర్తు: కరెంటు వెనక్కి నడుస్తోంది. మళ్లీ 18, మళ్లీ 9. ఆడుకోవడం మొదలుపెట్టింది. వోల్టేజి మారినప్పుడల్లా అటో ఇటో కరెంటు, నిలకడగా ఉంటే ఏమీ లేదు. అన్నేళ్లుగా బట్టీపట్టిన వాక్యంలో 'నిలకడైన' అన్న మాటను ఎప్పుడూ చదవనే లేదని అప్పుడు నవ్వింది. కెపాసిటర్ అడ్డుకునేది ఆ నిలకడనే. యాంప్లిఫయర్‌లో రెండు దశల మధ్య కెపాసిటర్ పెట్టేది కూడా ఇందుకే. కింద ఉన్న స్థిరమైన వోల్టులు దాని మీదే నిలిచిపోతాయి, పాట మోసుకొచ్చే మార్పులు మాత్రం అవతలికి చేరతాయి.

ఒక తిరకాసు కూడా చూసింది. ఎంతసేపు ఉంచినా మీటరు సున్నాకు రాలేదు, ఏవో కొద్ది మైక్రో ఆంపియర్ల దగ్గర నిలిచింది. అది తప్పు కాదు. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌లో పొర అంటే అల్యూమినియం మీద ఏర్పడిన పలచటి ఆక్సైడ్, కొంచెం కారుతుంది. చాలాకాలం వాడకుండా పెట్టెలో పడున్నదైతే మొదట ఇంకా ఎక్కువ కారుతుంది. ప్లస్, మైనస్ తిరగేస్తే ఆ పొరే చెడి, లోపల వేడెక్కి, పైన గీతలున్న మూత ఉబ్బుతుంది. నువ్వు ఆ పని చేయకు.

ఇక 104 సంగతి. 10 పక్కన నాలుగు సున్నాలు, అంటే 1,00,000 పికోఫారడ్, అంటే 0.1 మైక్రోఫారడ్. నీ దానికంటే పది వేల రెట్లు చిన్నది. ఓమ్‌లను ఫారడ్‌తో గుణిస్తే వచ్చే సెకన్లలో కరెంటు మొదటిదానిలో మూడో వంతుకు కాస్త ఎక్కువగా మిగులుతుంది. నీకు ఆ లెక్క ఒక సెకను, మీ వాడికి సెకనులో పదివేలో వంతు. ఎల్ఈడీ వెలిగి ఆరేసరికి కన్ను గ్రహించలేదు. పందెం కాసి ఉంటే డబ్బులు తిరిగిచ్చేయమను.

ప్రశ్న: మా సీలింగ్ ఫ్యాను మెల్లగా తిరుగుతుంటే ఎలక్ట్రీషియన్ కండెన్సర్ మార్చాడు, జోరందుకుంది. కరెంటు ఆపే వస్తువు మారిస్తే జోరు పెరగడమేమిటి?
– గృహిణి, ఖమ్మం

సమాధానం: అమ్మా, ఇంటి కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఒక దిశలో ఉండేది సెకనులో నూరో వంతే. ఫ్యానులో సాధారణంగా ఉండే 2.5 మైక్రోఫారడ్ కండెన్సర్ నిండుతూ ఉండగానే దిశ మారిపోతుంది, కాబట్టి దాని వైర్లలో కరెంటు ఆగకుండా ఊగుతూనే ఉంటుంది. ఆ కరెంటు ఫ్యాను రెండో చుట్టలోకి కాస్త ముందుగా చేరడం వల్లే తిప్పే బలం పుడుతుంది. పాతబడి 2.5 కాస్తా 1.5 అయితే ఆ చుట్టకు అందే కరెంటు తగ్గి ఫ్యాను నీరసిస్తుంది. కెపాసిటర్ కొలిచే రేంజి ఉన్న మల్టీమీటరుతో చూస్తే తెలిసిపోతుంది, ఊహించి మార్చనక్కర్లేదు.

ప్రశ్న: కంప్యూటర్ పవర్ సప్లై ప్లగ్గు తీశాక విప్పినా షాక్ కొట్టింది. కరెంటే లేదు కదా?
– మెకానిక్, కర్నూలు

సమాధానం: పైన ఆ అమ్మాయి బ్యాటరీ తీసేశాక కూడా కెపాసిటర్ మీద 9 వోల్టులు అలాగే ఉన్నాయి. మీ దాంట్లో 230 వోల్టుల ఏసీని డీసీగా మార్చాక కెపాసిటర్ మీద దాదాపు 325 వోల్టులు నిలుస్తాయి. తిరిగి పోయే దారి దొరికే వరకు ఆ తేడా అక్కడే ఉంటుంది, ఈసారి ఆ దారి మీ చెయ్యయింది. లోపల ఖాళీ చేసే రెసిస్టర్ ఉంటుందనే నమ్మకం పెట్టుకోకండి, అది కాలిపోయి ఉండవచ్చు. స్క్రూడ్రైవరుతో రెండు కాళ్లూ కలపడం మానండి, మెరుపు పేలి కొన రేగుతుంది. 10 కిలో ఓమ్, 10 వాట్ల రెసిస్టర్‌కు బాగా ఇన్సులేషన్ ఉన్న వైర్లు తగిలించి, ఒక చేత్తోనే పట్టుకుని కెపాసిటర్ కాళ్లకు అర నిమిషం ఆనించండి. తర్వాత మీటరును డీసీ వోల్టుల్లో పెట్టి, 5 కంటే తక్కువ చూపిస్తేనే చెయ్యి పెట్టండి.