నొప్పి పోయింది సరే, రాయి పోయిందా?

కిడ్నీలో రాయి ఉన్నా చాలామందికి ఏళ్ల తరబడి తెలియదు. అది జారి మూత్రనాళంలోకి దిగినప్పుడే గొడవంతా. కిడ్నీ నుంచి మూత్రాశయానికి వచ్చే ఈ నాళం లోపలి వెడల్పు మూడు, నాలుగు మిల్లీమీటర్లే. రాయి అడ్డుపడితే పైన మూత్రం నిలిచిపోయి కిడ్నీ ఉబ్బుతుంది. ఆ ఒత్తిడే నొప్పి.

రొట్టెల తందూరు దగ్గర పనిచేసే ముప్పై ఆరేళ్ల మనిషి సంగతి చెబుతాను. ఎండాకాలంలో ఒక అర్ధరాత్రి కుడి నడుము పక్కన మొదలైన నొప్పి గజ్జల్లోకి దిగింది. కూర్చోలేడు, పడుకోలేడు, గదిలో అటూ ఇటూ తిరుగుతూ వాంతి చేసుకున్నాడు. ఇంట్లోవాళ్లు రాయిని తోసేయాలని రెండు లీటర్ల నీళ్లు పట్టించారు. దారి మూసుకున్నప్పుడు బలవంతంగా తాగించే నీళ్లు రాయిని తోయవు, పైన ఒత్తిడిని పెంచుతాయి. దాహానికి తగినంత తాగితే చాలు. ఆ సమయంలో పనిచేసేది డైక్లోఫెనాక్ ఇంజెక్షన్. కిడ్నీ పనితీరు తగ్గినవాళ్లకు, కడుపులో పుండ్లు ఉన్నవాళ్లకు మాత్రం అది ఇవ్వకూడదు.

పొద్దున అల్ట్రాసౌండ్ తీశారు. కుడి కిడ్నీ కొద్దిగా ఉబ్బి ఉంది, రాయి కనబడలేదని రాశారు. దాన్ని ఆయన రాయి లేదని అర్థం చేసుకున్నాడు. అల్ట్రాసౌండ్ కిడ్నీ వాపును బాగా చూపిస్తుంది కానీ, మూత్రనాళం మధ్యలో ఉన్న రాయి పేగుల గాలి వెనక దాగిపోతుంది. ఉబ్బు ఉండి రాయి కనబడకపోతే మందు ఎక్కించకుండా తీసే సీటీ స్కాన్ కావాలి. గర్భిణులకు మాత్రం అల్ట్రాసౌండే ముందు. ఆయనకు సీటీలో నాళం కింది భాగాన 7 మిల్లీమీటర్ల రాయి తేలింది.

5 మిల్లీమీటర్ల లోపు రాళ్లలో ఎక్కువ భాగం వాటంతటవే పడిపోతాయి. (కొండపిండాకు కషాయానికి ఇంత పేరు రావడానికి ఇదీ ఒక కారణం!) 5 నుంచి 10 మధ్య రాళ్లలో దాదాపు సగం పడతాయి. 10 దాటితే ఆశ తక్కువ. కాబట్టి ఆయన విషయంలో ఎదురుచూడటం తప్పు కాదు. నాళాన్ని వదులు చేసే టామ్సులోసిన్ మాత్ర రాసి, మూత్రాన్ని టీ జల్లెడలో వడపోసి రాయి పడిందేమో చూసుకోమని, నెలలోపు మళ్లీ స్కానుకు రమ్మని చెప్పాను.

పది రోజులకు నొప్పి పూర్తిగా పోయింది. ఆయన రాలేదు. జల్లెడలో ఏమీ పడలేదు కూడా.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. అడ్డు అలాగే ఉన్నా కొన్నాళ్లకు కిడ్నీ లోపలి ఒత్తిడి తగ్గిపోతుంది. నొప్పి ఆగుతుంది, కిడ్నీ మాత్రం నెమ్మదిగా దెబ్బతింటూ ఉంటుంది. రెండో కిడ్నీ బాగుంటే రక్తపరీక్షలో క్రియాటినిన్ కూడా మామూలుగానే రావచ్చు. అందుకే రాయిని కళ్లతో చూడాలి, లేదా అది పోయిందని స్కాన్ చెప్పాలి. నాలుగు నుంచి ఆరు వారాలకు మించి ఎదురుచూడటం మంచిది కాదు.

రెండు నెలల తరవాత ఆయన్ని వణికించే చలిజ్వరంతో తీసుకొచ్చారు. మూసుకున్న కిడ్నీలో చీము పట్టింది. ఇది తెల్లారేదాకా ఆగే పని కాదు. యాంటీబయాటిక్ ఒక్కటే ఇస్తే చాలదు, చీము బయటికి రావాలి. ఆ రాత్రే నాళంలో డీజే స్టెంట్ అనే మెత్తని గొట్టం వేశాం. రాయి జోలికి పోలేదు, చీములో రాయిని కదిపితే విషం రక్తంలోకి ఎక్కుతుంది. జ్వరం తగ్గాక, రెండు వారాలకు, మూత్రమార్గం గుండా సన్నని టెలిస్కోపు పంపి లేజర్‌తో రాయిని పొడి చేశాం. కోత లేదు.

జ్వరం లేకపోయినా ఎదురుచూడకూడని వాళ్లున్నారు: ఒకే కిడ్నీ ఉన్నవాళ్లు, రెండు వైపులా అడ్డుపడినవాళ్లు, క్రియాటినిన్ పెరుగుతున్నవాళ్లు, ఇంజెక్షన్లకు లొంగని నొప్పితో నీళ్లు కూడా నిలవనివాళ్లు. మూత్రం పూర్తిగా ఆగిపోతే వెంటనే ఆసుపత్రికి రావాలి.

ఇప్పుడాయన తందూరు పక్కన నీళ్ల సీసా పెట్టుకుంటాడు. రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం రావాలని, అంటే ఆ వేడిలో మూడున్నర, నాలుగు లీటర్ల నీళ్లు కావాలని చెప్పాను. రంజాన్‌లో ఎలా అని అడిగాడు. ఇఫ్తార్ నుంచి సహరీ దాకా గంటగంటకూ కొంచెం చొప్పున తాగాలి, ఒక్కసారిగా కాదు. అడ్డుపడిన రాయి ఉన్నప్పుడు రోజాకు ముందు డాక్టర్‌ని అడగాలి.

మరో మాట. లేజర్ తరవాత ఆయనకు మళ్లీ స్టెంట్ పెట్టాం. అది నొప్పి పెట్టకపోతే చాలామంది మరిచిపోతారు. నెలలు గడిస్తే దానిచుట్టూ కొత్త రాళ్లు పేరుకుని, తీయడమే పెద్ద ఆపరేషనవుతుంది. "డాక్టర్ సాబ్, ఈసారి నొప్పి లేకపోయినా వస్తా" అన్నాడు. చెప్పిన తేదీకి వచ్చాడు, స్టెంట్ తీసేశాం.