సగటు, విస్తృతి మాత్రమే తెలిసినప్పుడు తోక సంభావ్యతకు హద్దు: చెబిషెవ్ అసమానత వినియోగం

ఉపోద్ఘాతం

గణాంకశాస్త్ర అభ్యాసాలలోని లెక్కలను విద్యార్థులు సెల్‌ఫోనులో ఫోటో తీసి ఒకరికొకరు పంపుకోవడం, విస్తరణ శాస్త్రవేత్తలను వివరణ అడగడం నేడు సర్వసాధారణమైంది. అటువంటి ఫోటోలలో తరచుగా కనిపించే ఒక ప్రశ్నను ఈ వ్యాసంలో ఉదాహరణగా తీసుకొంటున్నాము.

"ఒక వరి రకం దిగుబడి సగటు హెక్టారుకు 54 క్వింటాళ్లు, విస్తృతి 36. దిగుబడి 42 క్వింటాళ్లు లేదా అంతకంటే తక్కువగా ఉండే సంభావ్యతకు హద్దు కనుగొనండి."

ఈ ప్రశ్నకు ఎక్కువమంది ఇచ్చే సమాధానం 0.0228. సగటు నుండి రెండు ప్రామాణిక విచలనాల దూరాన్ని నార్మల్ పట్టికలో చూస్తే వచ్చే సంఖ్య ఇది. అయితే దిగుబడి నార్మల్ విభాజనాన్ని అనుసరిస్తుందని ప్రశ్నలో ఎక్కడా లేదు. ఇచ్చిన సమాచారంతో నిజంగా చెప్పగలిగినది "ఆ సంభావ్యత 0.20కి మించదు" అని మాత్రమే. 42 క్వింటాళ్ల దగ్గర సాగు ఖర్చు మాత్రమే తిరిగివస్తుందనుకొంటే, నష్టపోయే క్షేత్రాలు నూటికి రెండు అని సలహా ఇవ్వడానికీ, నూటికి ఇరవై వరకు ఉండవచ్చునని సలహా ఇవ్వడానికీ గల వ్యత్యాసం చిన్నది కాదు. ఈ 0.20 ఎలా వస్తుందో, ఎందుకు అంతకంటే తగ్గించలేమో ఇక్కడ పరిశీలిద్దాము.

ఫోటోలోని ప్రశ్నను చదవడం

లెక్క ప్రారంభించే ముందు ఫోటోలో మూడు అంశాలను సరిచూసుకోవాలి. మొదటిది, 36 అనేది విస్తృతియా, ప్రామాణిక విచలనమా అన్నది. మసకగా ఉన్న ఫోటోలో σ² అన్న గుర్తుపైని చిన్న 2 కనిపించకపోవచ్చు. విస్తృతి అయితే ప్రామాణిక విచలనం 36కు వర్గమూలం, అంటే 6 క్వింటాళ్లు.

ఈ సందేహాన్ని క్షేత్ర పరిజ్ఞానంతోనే తీర్చుకోవచ్చు. ప్రామాణిక విచలనాన్ని సగటుతో భాగించి శాతంలో చెప్పేది విచలనాంకం. 6ను 54తో భాగిస్తే సుమారు 11 శాతం వస్తుంది. క్షేత్ర ప్రయోగాలలో ఇది సహజమైన స్థాయి. 36నే ప్రామాణిక విచలనంగా తీసుకొంటే విచలనాంకం 67 శాతం అవుతుంది. సక్రమంగా నిర్వహించిన వరి ప్రయోగంలో అంత హెచ్చుతగ్గులు ఊహించలేము. పైగా అప్పుడు 12 క్వింటాళ్ల దూరం ప్రామాణిక విచలనంలో మూడోవంతు మాత్రమే కాబట్టి, చెబిషెవ్ హద్దు 9 వస్తుంది. సంభావ్యత ఎన్నడూ 1ని మించదు. కనుక అటువంటి హద్దు ఏ సమాచారాన్నీ ఇవ్వదు. హద్దు 1 కంటే ఎక్కువ వచ్చిందంటే, గుర్తును తప్పుగా చదివామేమోనని ఒకసారి వెనుకకు చూడాలి.

రెండవది, విభాజనం పేరు ఎక్కడైనా చెప్పారా అన్నది. ఒకే దత్తాంశంపై నాలుగైదు ఉపప్రశ్నలు ఉన్నప్పుడు "నార్మల్ విభాజనాన్ని అనుసరిస్తుంది" అన్న వాక్యం పుట పైభాగంలో ఉండి, ఫోటోలో తెగిపోయి ఉండవచ్చు. అందువల్ల ప్రశ్న పంపినవారిని పుట మొత్తం చూపమని అడగడం మంచిది. పేరు నిజంగానే లేకపోయినా, "సంభావ్యత కనుగొనండి" అనక "హద్దు కనుగొనండి" అన్నా, ప్రశ్న చెబిషెవ్ అసమానతను ఉద్దేశించినదని గ్రహించాలి.

మూడవది, అడిగినది ఒక తోకా, రెండు తోకలా అన్నది. "సగటు నుండి 12 క్వింటాళ్లు లేదా అంతకంటే ఎక్కువ తేడా" అంటే రెండు తోకలు. "42 లేదా అంతకంటే తక్కువ" అంటే ఎడమ తోక ఒక్కటే.

రెండు తోకలకు హద్దు

ఈ అసమానతను ఫ్రాన్సుకు చెందిన బియెనేమే 1853లోను, రష్యా గణితవేత్త చెబిషెవ్ 1867లోను ప్రకటించారు. సగటు μ, ప్రామాణిక విచలనం σ గల ఏ యాదృచ్ఛిక చలరాశికైనా, k ఏ ధనసంఖ్య అయినా,

P(|X − μ| ≥ kσ) ≤ 1/k²

దీని వెనుక ఉన్న తర్కం చాలా సరళమైనది. విస్తృతి అంటే సగటు నుండి విచలనాల వర్గాల సగటు. మన ఉదాహరణలో అది 36. సగటుకు 12 క్వింటాళ్లు లేదా అంతకు మించిన దూరంలో ఉన్న ప్రతి క్షేత్రం ఈ మొత్తానికి కనీసం 144 చొప్పున చేరుస్తుంది. అటువంటి క్షేత్రాల నిష్పత్తి p అయితే, అవి ఒక్కటే విస్తృతికి కనీసం 144p సమకూరుస్తాయి. మిగిలిన క్షేత్రాల వాటా సున్నా కంటే తక్కువ కాలేదు. కనుక 144p విలువ 36ను మించడానికి వీలులేదు. అంటే p ≤ 36/144 = 0.25.

ఈ నిరూపణలో విభాజనం ఆకారం ప్రసక్తే రాలేదని గమనించాలి. అందువల్లనే ఈ హద్దు అన్ని విభాజనాలకూ వర్తిస్తుంది.

ఒక తోకకు మెరుగైన హద్దు

ఎడమ తోక రెండు తోకలలో ఒక భాగం. కాబట్టి దానికి కూడా 0.25 హద్దుగా చెల్లుతుంది. ఇక్కడ చాలామంది 0.25ను సగం చేసి 0.125 అని వ్రాస్తారు. విభాజనం సగటుకు ఇరువైపులా సౌష్ఠవంగా ఉందని తెలిసినప్పుడు మాత్రమే అలా చేయవచ్చు. ఆ విషయం ప్రశ్నలో లేదు.

సగం చేయడం కుదరకపోయినా, 0.25ను కొంత తగ్గించడం సాధ్యమే. ఇటలీ గణితవేత్త కాంటెల్లి పేరుతో ప్రసిద్ధమైన ఒక తోక అసమానత దానికి ఉపయోగపడుతుంది. సగటుకు t దూరంలో ఉన్న ఒక తోకకు

P(X ≤ μ − t) ≤ σ²/(σ² + t²)

మన సంఖ్యలతో ఇది 36/(36 + 144) = 0.20 అవుతుంది.

దీనికి కారణం కూడా పై తర్కమే. విచలనాలను 54 నుండి కాక 57 నుండి కొలుద్దాము. కొలిచే బిందువు సగటు నుండి 3 క్వింటాళ్లు జరిగినందువల్ల, విచలన వర్గాల సగటు 36 + 9 = 45 అవుతుంది. 42 లేదా అంతకంటే తక్కువ దిగుబడి ఉన్న ప్రతి క్షేత్రం 57కు కనీసం 15 క్వింటాళ్ల దూరంలో ఉంటుంది. అంటే అది కనీసం 225 చేరుస్తుంది. కాబట్టి వాటి నిష్పత్తి 45/225, అంటే 0.20కి మించదు. బిందువును 3 క్వింటాళ్లే ఎందుకు జరిపామంటే, విస్తృతిని దూరంతో భాగించగా వచ్చే 36/12 = 3 దగ్గరే ఈ నిష్పత్తి కనిష్ఠమవుతుంది.

హద్దును ఇంకా తగ్గించగలమా?

సగటు, విస్తృతి తప్ప మరే సమాచారం లేనప్పుడు తగ్గించలేము. ఈ మాట నిజమని ఒక ఉదాహరణ చాలు. ఒక ప్రాంతంలో ఐదింట ఒక వంతు క్షేత్రాలు పల్లంలో ఉండి, ముంపు వల్ల 42 క్వింటాళ్లే ఇచ్చాయని, మిగిలిన నాలుగు వంతులు 57 క్వింటాళ్లు ఇచ్చాయని అనుకొందాము.

సగటు: 0.2 × 42 + 0.8 × 57 = 8.4 + 45.6 = 54
విస్తృతి: 0.2 × 144 + 0.8 × 9 = 28.8 + 7.2 = 36

ప్రశ్నలో ఇచ్చిన రెండు విలువలూ సరిగ్గా వచ్చాయి. కాని 42 లేదా అంతకంటే తక్కువ దిగుబడి సంభావ్యత ఇక్కడ కచ్చితంగా 0.20. ఈ ప్రాంతంలో నార్మల్ పట్టికను నమ్మి 0.0228 అని చెప్పినవారు అసలు నష్టాన్ని దాదాపు తొమ్మిదోవంతుకు తగ్గించి చెప్పినట్లవుతుంది. ముంపు, అగ్గితెగులు, చివరి మడులకు నీరు అందకపోవడం వంటి కారణాలు క్షేత్రాలను రెండు గుంపులుగా విడదీస్తాయి. అందువల్ల ఇటువంటి విభాజనం కేవలం గణిత కల్పన అనుకోరాదు.

మరోవైపు, హద్దును అసలు విలువగా భావించడమూ పొరపాటే. "ఇరవై శాతం క్షేత్రాలు నష్టపోతాయి" అని చెబిషెవ్ గాని, కాంటెల్లి గాని చెప్పరు. అంతకు మించవని మాత్రమే చెబుతారు. విభాజనం నిజంగా నార్మల్ అయితే అసలు విలువ 0.0228గానే ఉంటుంది. అది 0.20 లోపలే కాబట్టి రెండింటికీ వైరుధ్యం లేదు. విభాజనానికి ఒకే శిఖరం ఉందని నమ్మదగిన ఆధారం ఉంటే మధ్యస్థమైన హద్దు కూడా లభిస్తుంది. అప్పుడు రెండు తోకల హద్దు 1/k²కు బదులు 4/(9k²) అవుతుంది. k విలువ సుమారు 1.63 కంటే ఎక్కువ ఉన్నప్పుడు ఇది చెల్లుతుంది. మన లెక్కలో k = 2 కనుక హద్దు 1/9, అంటే సుమారు 0.11. ఈ విధంగా విభాజనం గురించి తెలిసిన ప్రతి అదనపు విషయం హద్దును బిగిస్తుంది.

అసౌష్ఠవ అంతరం

ఇదే ప్రశ్నకు కొన్నిసార్లు "దిగుబడి 42కు, 69కి మధ్య ఉండే సంభావ్యత కనీసం ఎంత?" అన్న కొనసాగింపు ఉంటుంది. సగటు నుండి ఒకవైపు దూరం 12, మరోవైపు 15. ఇక్కడ చిన్న దూరాన్నే తీసుకోవాలి. 42, 66ల మధ్య ఉన్న ప్రతి దిగుబడి 42, 69ల మధ్య కూడా ఉంటుంది. కాబట్టి సంభావ్యత కనీసం 1 − 0.25 = 0.75. పెద్ద దూరమైన 15ను తీసుకొంటే 0.84 వస్తుంది. కాని ఆ హామీ 39, 69ల మధ్య అంతరానికి చెందినది. అడిగిన అంతరానికి అది చెల్లదు.

పరిమితి

పై హద్దులన్నీ సగటు, విస్తృతి సమష్టికి చెందిన నిజమైన విలువలు అన్న భావనపై ఆధారపడినవి. పాఠ్యపుస్తకపు లెక్కలో అవి అలాగే ఇస్తారు. క్షేత్రంలో మాత్రం పది పన్నెండు మడుల నుండి అంచనా వేసిన విస్తృతిని సూత్రంలో ప్రతిక్షేపిస్తాము. నమూనాలో పల్లపు మడి ఒక్కటీ రాకపోతే అంచనా విస్తృతి తక్కువగా వస్తుంది, దానితో హద్దు కూడా తక్కువగా కనిపిస్తుంది. అటువంటప్పుడు వచ్చిన సంఖ్యను హామీగా కాక అంచనాగానే పేర్కొనాలి. మడుల దిగుబడులను ముందుగా ఒక చుక్కల పటంగా గీసి, అవి రెండు గుంపులుగా విడిపోతున్నాయేమో చూడటం ఉపయోగకరం.

సమాధానం వ్రాయు విధానం

ఫోటోలోని ప్రశ్నకు పూర్తి సమాధానాన్ని ఈ విధంగా వ్రాయవచ్చు: "μ = 54, σ² = 36, t = 12. విభాజనం ఇవ్వలేదు. ఒక తోక అసమానత ప్రకారం P(X ≤ 42) ≤ 36/(36 + 144) = 0.20. రెండు తోకల చెబిషెవ్ అసమానతను వాడితే హద్దు 0.25." ప్రశ్న చెబిషెవ్ పేరునే పేర్కొంటే 0.25ను సమాధానంగా ఇచ్చి, 0.20ను మెరుగైన హద్దుగా పక్కన చూపాలి. రెండింటిలో ఏది వ్రాసినా "≤" గుర్తును వదలరాదు. ఆ గుర్తు స్థానంలో "=" వ్రాసిన సమాధానం, ప్రశ్నలో లేని సమాచారాన్ని ఉన్నట్లుగా చెప్పినదే అవుతుంది.